సంత రోజు చెప్పిన ధర



పాడేరు బస్టాండుకి దగ్గర్లో మాది చిన్న మొబైల్ షాపు. మేమంటే ఇద్దరం, బావా బామ్మర్దులం. పాత ఫోన్లు కొంటాం, బాగు చేస్తాం, మళ్లీ అమ్ముతాం. "నా ఫోనుకి ఇంతేనా ఇస్తారు? ఎలా లెక్కేశారు?" అని మన పిల్లలు చాలామంది అడుగుతుంటారు. ఆ లెక్క ఇక్కడ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాం. రాయాలంటే ముందు మేం చేసిన ఒక తప్పు దగ్గర మొదలెట్టాలి.

రెండేళ్ల కిందట ఆషాఢంలో, సంత రోజున, పెదబయలు వైపు నుంచి ఒక తాత వచ్చాడు. కొడుకు చెన్నైలో పనికెళ్లి కొని పంపిన ఫోను, తువ్వాలులో చుట్టి తెచ్చాడు. ఊడుపులకి డబ్బులు కావాలన్నాడు. ఫోను బాగానే ఉంది. బ్యాటరీ వీకు, చార్జింగు పిన్ను వదులు, అంతే. దానికి 2,200 దాకా ఇవ్వొచ్చని మనసులో అనుకున్నాం. నోటితో మాత్రం "1,500" అన్నాం.

ఎందుకంటే బేరం అలాగే మొదలవుతుంది మరి. టౌన్లో వాళ్లకి 1,500 అంటే వాళ్లు 3,000 అంటారు, ఆ మాటా ఈ మాటా అయ్యి 2,200 దగ్గర ఆగుతుంది. ఈ వ్యాపారం నేర్పినవాళ్లు మాకు అలాగే నేర్పారు. తాత బేరం ఆడలేదు. "సరే బాబూ" అన్నాడు. డబ్బులు తువ్వాలు కొంగున ముడేసుకుని జీపెక్కి వెళ్లిపోయాడు.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పిలవలేదు. ఆ రోజు రాత్రి షట్టర్ దించాక లెక్క చూసుకుంటే, మా దగ్గర ఎక్కువ లాభం వచ్చిన ఫోన్లన్నీ లోపలి ఊళ్ల వాళ్లవే. బేరం తెలిసినవాడికి సరైన ధర, నోరు లేనివాడికి తక్కువ ధర. మన ఊళ్లలో చింతపండు, పిప్పళ్లు కొనడానికి వచ్చే షావుకార్లని మనం ఏం తిట్టుకుంటామో, అదే పని మేం గాజు కౌంటరు వెనకాల కూర్చుని చేస్తున్నాం.

అప్పట్నుంచి బేరం మానేశాం. ఒకే ధర చెప్తాం. ఆ ధర ఎలా వచ్చిందో చిన్న కాగితం మీద రాసి చేతికిస్తాం. చెప్పినంత సులువు కాదు ఇది. కాగితం మీద పెట్టాలంటే ముందు మాకు లెక్క తెలిసుండాలి కదా! అంతకుముందు అంతా అంచనాయే.

లెక్క వెనక నుంచి మొదలవుతుంది. ఫోను కొన్నప్పుడు ఎంత అని చాలామంది చెప్తారు. "16,000 పెట్టి కొన్నాం అన్నా" అంటారు. ఆ అంకెతో మాకు పని లేదు. బాగు చేశాక ఇక్కడ, ఈ కౌంటరు మీద ఎంతకి పోతుంది అన్నదే మొదటి అంకె. అందులోంచి ఒక్కొక్కటీ తీసేసుకుంటూ వస్తే మిగిలేదే కొనే ధర.

మొన్న ఫిబ్రవరిలో వచ్చిన ఒక ఫోను చెప్తాం. హుకుంపేట వైపు అమ్మాయి, డిగ్రీ చదువుతోంది, పరీక్ష ఫీజు కట్టాలి. ఫోను వయసు మూడేళ్లు దాటింది. 6 జీబీ ర్యామ్, 128 జీబీ. కింది మూల గ్లాసు పగిలింది, టచ్ పనిచేస్తోంది. చార్జింగు సాయంత్రం దాకా రావట్లేదు, పిన్ను కూడా వదులు. ఆన్‌లైన్లో చూస్తే 4,200 చూపించిందంట.

ఆ 4,200 అబద్ధం అనలేం. కాకపోతే అది "ఇంత వరకు" అనే ధర. అన్నీ బాగుంటే వచ్చే గరిష్ఠం. మనిషి వచ్చి ఫోను చేతిలోకి తీసుకుని పగులు, బ్యాటరీ చూశాక తగ్గుతుంది. పైగా మన పిన్‌కోడ్ కొడితే చాలాసార్లు ఇక్కడికి రారు.

మేం మా నోటు పుస్తకం తీశాం. అలాంటి ఫోన్లు అంతకుముందు మూడు అమ్మాం. 5,800కి ఒకటి, 5,500కి రెండు. ఇలాంటప్పుడు మేం పెద్ద అంకె తీసుకోం, చిన్నదే తీసుకుంటాం. 5,800 ఇచ్చినతను సంక్రాంతి ముందు రోజు వచ్చాడు, అతనికి తొందర. తొందర ఉన్నవాణ్ణి చూసి లెక్క వేసుకుంటే మునుగుతాం. ఇంకో హద్దు కూడా ఉంది. చిన్న కొత్త ఫోను 7,000 పైచిలుకుకి వస్తున్నప్పుడు, పాతదానికి 6,000 దాటి ఎవరూ పెట్టరు. ర్యామ్ ఎక్కువ, కెమెరా మంచిది అని ఎంత చెప్పినా, "ఇంకో వెయ్యేస్తే కొత్తదే వస్తుంది కదా" అంటారు. కాబట్టి పైన 5,500 రాశాం.

తర్వాత సామాన్లు. కాంబో, అంటే డిస్‌ప్లే టచ్ కలిపి వచ్చేది, 1,150. బ్యాటరీ 480. చార్జింగు బోర్డు 120. గ్లాసు, పౌచు 60. ఇవన్నీ వైజాగ్ నుంచి బస్సు పార్సిల్లో రావాలి, మన వాటా 40. మొత్తం 1,850. మా పని కూలి 250. ఇక్కడికి 3,400 మిగిలింది.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కొత్తగా ఈ పని మొదలెట్టిన తమ్ముళ్లు ముఖ్యంగా. మేం కూడా మొదటి ఏడాది ఇక్కడే ఆగాం, అందుకే ఏడాది తిరిగేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. అమ్మిన ఫోనుకి నెల రోజులు గ్యారంటీ ఇస్తాం. మా పుస్తకం ప్రకారం పదిట్లో ఒకటి వెనక్కి వస్తుంది. మళ్లీ కాంబో వెయ్యాలో, డబ్బులే తిరిగివ్వాలో, ఎలా చూసినా దానికి 2,000 దాకా పోతుంది. ఆ 2,000ని పదింటి మీదా పంచితే ఫోనుకి 200. ఏది వెనక్కి వస్తుందో ముందు తెలీదు కనుక అన్నిట్లోంచీ తియ్యాల్సిందే. ఆఖరికి షాపు అద్దె, కరెంటు, మా తిండి కలిపి 600. మిగిలింది 2,600.

కాగితం అమ్మాయి చేతిలో పెట్టాం. చదువుకుంది కదా, గీత గీత చూసింది. చూసి, "అన్నా, కాంబో వెయ్యకుండా పగులుతోనే అమ్మేస్తే ఆ 1,150 నాకు వస్తుంది కదా?" అంది.

ఎవరూ అడగని ప్రశ్న అది. మాకు భలే నచ్చింది. పక్కనే ఇంకో లెక్క వేశాం. పగులుతో అయితే ఇక్కడ 3,800 దాటదు. బ్యాటరీ, చార్జింగు బోర్డు, పౌచు, పార్సిలు కలిపి 700. కూలి తక్కువ, 150. గ్యారంటీ 200, షాపుకి 600. మిగిలేది 2,150. అంటే కాంబో వేస్తేనే తనకి 450 ఎక్కువ. 1,150 పెట్టిన సామాను, 100 ఎక్కువ కూలి కలిసి అమ్మే ధరని 1,700 పెంచుతున్నాయి గనక. వెనక ప్యానెల్ మీద గీతలున్నాయి, అది మార్చడం దండగ, 200 పెట్టి మార్చినా ధర వంద కూడా పెరగదు, పౌచు వేస్తే కనబడదు. ఏ సామాను వెయ్యాలి, ఏది వదిలెయ్యాలి అన్నది ఇలాగే తేలుతుంది.

కాంబోలో కూడా ఒక తిరకాసు ఉంది. తక్కువ రకం కాపీ కాంబో 700కే దొరుకుతుంది. వెలుతురు తక్కువ, ఎండలో కనబడదు, రెండు నెలలకి టచ్ దానంతటదే కొట్టుకోవడం మొదలవుతుంది. మా దగ్గరికి అమ్మకానికి వచ్చే ఫోన్లలో ఇంతకుముందే ఎవరో ఇలాంటిది వేసి ఉంటారు. తెల్ల స్క్రీన్ పెట్టి పక్క నుంచి చూస్తే అంచుల్లో నీడలు, నీలం ఛాయ కనబడతాయి. ఫ్రేముకీ గ్లాసుకీ మధ్య గమ్ము గీత ఉంటుంది. అలాంటి ఫోను పైకి పగులు లేకపోయినా, మేం కాంబో ఖర్చు తీసేసుకునే ధర చెప్తాం. అమ్మేవాళ్లకి కోపం వస్తుంది. "డిస్‌ప్లే బాగానే ఉంది కదా" అంటారు. అందుకే పక్కన మంచి ఫోను పెట్టి చూపిస్తాం.

ఇప్పటిదాకా చెప్పింది బాగున్న ఫోన్ల సంగతి. కొన్నిటికి మేం చెప్పే ధర సున్నా.

ఒకసారి ఒక కుర్రాడు కొత్తగా ఉన్న ఫోను తెచ్చాడు. గీత కూడా లేదు. ఎవరికైనా ఆశ పుడుతుంది. 4,000 ఇచ్చి తీసుకున్నాం. రీసెట్ చేసి వైఫై కలిపాం, అంతే, స్క్రీన్ మొత్తం వాయిదాలు కట్టలేదన్న మెసేజీతో నిండిపోయింది. ఏది నొక్కినా కదల్లేదు. ఫైనాన్సులో తీసుకున్న ఫోను, లోపల వాళ్ల లాకు ఉంది. రీసెట్ చేసినా నెట్ తగలగానే తిరిగొస్తుంది. కుర్రాడి నంబరు స్విచ్ ఆఫ్. తెరవడానికి వేరే దార్లున్నాయని చెప్పేవాళ్లుంటారు, మేం ఆ దారికి పోలేదు. ఆ ఫోను మీద అప్పు ఇంకా నడుస్తోంది, అది మాది కాదు. 4,000 పోయింది. ఫోన్లు అమ్మి మళ్లీ అంత సంపాదించాలంటే, ఒక్కోదానికి 600 చొప్పున ఏడు ఫోన్లు అమ్మాలి.

ఆ తర్వాత నుంచి డబ్బు చేతికిచ్చే ముందు ఇవి చూస్తాం. `*#06#` కొడితే ఐఎంఈఐ నంబర్లు వస్తాయి. అవి బిల్లు మీద, డబ్బా మీద ఉన్నవాటితో కలవాలి. తర్వాత మన ఫోను నుంచి ఇలా మెసేజీ పంపుతాం:

```
KYM <15 అంకెల IMEI>
```

14422కి పంపాలి. అది ప్రభుత్వం వాళ్ల సంచార్ సాథీ సేవ. ఫోను ఏ కంపెనీది, ఏ మోడలు అని జవాబొస్తుంది. పోయిందని ఎవరైనా కంప్లయింటు ఇచ్చి బ్లాక్ చేయించి ఉంటే అదీ తెలుస్తుంది. బ్లాక్‌లిస్టు అని వచ్చినా, చేతిలో ఉన్న మోడలూ మెసేజీలో మోడలూ వేరైనా, ఫోను వెనక్కి ఇచ్చేస్తాం. నిన్ననే దొంగతనం అయినది ఇందులో కనబడకపోవచ్చు. అందుకే బిల్లు, అమ్మినవాళ్ల ఆధార్ జిరాక్సు, సంతకం కూడా తీసుకుంటాం. దొంగ సొత్తని తెలిసి కొంటే నేరం కొన్నవాడి మీద కూడా ఉంటుంది. "నాకు తెలీదు సార్" అనడానికి మన దగ్గర ఆ కాగితం ఉండాలి.

ఫైనాన్సు ఫోనైతే అప్పు తీరిపోయినట్టు ఎన్ఓసీ అడుగుతాం. సెట్టింగుల్లో Device admin apps తెరిచి, ఫైనాన్సు వాళ్ల పేరు ఏదైనా ఉందా అని చూస్తాం. ఆ తర్వాత గూగుల్ అకౌంటు. దాన్ని అమ్మేవాళ్లే, వాళ్ల చేత్తోనే, మా ముందే తియ్యాలి. అలా తియ్యకుండా బటన్లు నొక్కి రీసెట్ చేస్తే, ఆన్ చేశాక పాత అకౌంటే అడుగుతుంది. మన ఊళ్లలో ఆ అకౌంటు షాపువాడో, చుట్టం కుర్రాడో తెరిచి ఉంటాడు, పాస్‌వర్డు ఎవరికీ గుర్తుండదు. కాబట్టి అమ్మాలనుకుంటే ఇంట్లోనే ఆ పాస్‌వర్డు వెతికి పెట్టుకుని రండి. సంత రోజు మా షాపు ముందు గంటలు గంటలు కూర్చునేవాళ్లు ఎక్కువ దీనికే. రీసెట్ అయ్యాక వైఫై కలిపి, హోం స్క్రీన్ వచ్చేదాకా వాళ్లని కూర్చోబెట్టుకుని, అప్పుడు డబ్బు ఇస్తాం.

నీళ్లలో పడిన ఫోన్ల గురించి కూడా చెప్పాలి, మన దగ్గర వానలు ఎక్కువ కదా. తడిసిన ఫోనుని పొయ్యి గట్టున పెట్టి ఆరబెడతారు. ఆన్ అవుతుంది, "బాగైపోయింది" అనుకుంటారు. లోపల బోర్డు మీద పచ్చగా, తెల్లగా తుప్పు మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. చాలా ఫోన్లలో సిమ్ ట్రే లోపల చిన్న తెల్ల స్టిక్కరు ఉంటుంది, నీళ్లు తగిలితే అది ఎర్రబడుతుంది. టార్చి వేసి చూస్తాం. ఎర్రగా ఉంటే, ఫోను ఎంత బాగా పనిచేస్తున్నా మేం నడిచే ఫోను ధర ఇవ్వం. సామాన్ల ధరే ఇస్తాం. కాంబో మంచిదైతే దానికి 400, కెమెరా, ప్యానెల్ కలిపి ఇంకో 150, అంతే. తడిసిన ఫోను బాగు చేసి అమ్మితే, అది మళ్లీ మనవాళ్ల చేతిలోనే ఆగిపోతుంది. వాళ్లు ముంచంగిపుట్టు నుంచి ఒక రోజు కూలి పోగొట్టుకుని, బస్సెక్కి మన దగ్గరికి రావాలి.

ఇక కాలం సంగతి. మాకు దీని మీదే ఎక్కువ బాధ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కాఫీ డబ్బులు చేతిలో ఆడతాయి. అప్పుడు ఫోన్లు కొనేవాళ్లే అందరూ. జూన్ నుంచి ఆగస్టు దాకా స్కూళ్లు, ఊడుపులు, జ్వరాలు. అప్పుడు అమ్మేవాళ్లే అందరూ. వానల్లో కొన్న ఫోను మా దగ్గర నాలుగైదు నెలలు పడి ఉంటుంది. ఈలోగా కొత్త మోడళ్లు వస్తాయి, దీని ధర నెలకి వంద దాకా జారుతుంది. మా డబ్బు అందులో ఇరుక్కుంటుంది. ఆ అమ్మాయి ఫోనే జూలైలో వచ్చి ఉంటే 2,600 కాకుండా 2,100 మాత్రమే రాసేవాళ్లం. అంటే మనవాళ్లకి డబ్బు బాగా అవసరమైనప్పుడే మేం తక్కువ ఇస్తున్నాం. ఇది బేరం వల్ల వచ్చిన తేడా కాదు, నిజంగానే ఆ ఖర్చు ఉంది. అయినా చెప్పేటప్పుడు గొంతు పట్టుకుంటుంది. మేం చెయ్యగలిగింది ఒకటే. కాగితం మీద "ఆగే ఖర్చు" అని వేరే గీత రాస్తాం. "దసరా దాటాక తెస్తే ఈ గీత ఉండదు" అని చెప్తాం. ఆగగలిగినవాళ్లు ఆగుతారు. కొందరికి ఫోను పెట్టుకుని కొంత అప్పు ఇద్దామా అనుకున్నాం, మాలో ఒకడు ఒద్దన్నాడు. వడ్డీ వ్యాపారం మొదలెడితే ఎక్కడ ఆగుతామో తెలీదని. ఇంకా తేలలేదు ఆ వాదన.

తాత సంగతి మిగిలిపోయింది.

ఆయన ఫోను మేం డిసెంబరులో 4,200కి అమ్మాం. అమ్మాక కాగితం పెట్టి, ఆయనకి చెప్పి ఉండాల్సిన లెక్క రాశాం. సామాన్లు 700, కూలి 150, గ్యారంటీ 200, షాపుకి 600, ఆగినందుకు 350. మిగిలింది 2,200. అంటే 700 బాకీ. మాలో ఒకడు, "ఆయన ఒప్పుకునే కదా తీసుకున్నాడు" అన్నాడు. ఎవడన్నాడో ఇక్కడ రాయం. ఆ 700 కవర్లో పెట్టి, పైన ఊరి పేరు రాసి డ్రాయర్లో వేశాం. ఆయన పేరు కూడా అడగలేదు మేం అప్పట్లో. ఆధార్ జిరాక్సు తీసుకోవడం ఆ తర్వాత మొదలెట్టిందే.

సంక్రాంతి ముందు సంతకి ఆయనే వచ్చాడు. మనవణ్ణి వెంటబెట్టుకుని, తిన్నగా కౌంటరు దగ్గరికి. మేం కవరు తీసి చేతిలో పెట్టాం. విప్పి చూసి భయపడ్డాడు. "ఏటి బాబూ ఇది? ఆ ఫోను మీద కేసేదైనా అయ్యిందా?" అన్నాడు. కాదు తాతా, అప్పుడు తక్కువ ఇచ్చాం అని చెప్తే నమ్మలేదు. మనవడు ఆరో తరగతి. కాగితం తీసుకుని పైకి చదివి, తీసివేతలన్నీ వేలితో చేసి, "సరిపోయింది తాతా" అన్నాక గానీ డబ్బు కొంగున ముడెయ్యలేదు.

ఆయన వచ్చింది దానికోసం కాదంట. "ఆ ఫోన్లో పాటల బిళ్ల ఉండాల, ఉందా?" అని అడిగాడు. మెమరీ కార్డు. పెళ్లిళ్లలో పాడిన పాటలు, ధింసా వాయిద్యాలు, కొడుకు రికార్డు చేసి ఇచ్చినవి. కొత్తగా కొనుక్కున్న బటన్ల ఫోన్లో వేసుకోవడానికి. ఆ రోజు ఫోను తీసుకున్నప్పుడు మేం దాన్ని లెక్కలోనే వెయ్యలేదు, తీసి పాత కార్డుల డబ్బాలో పడేశాం. ఆ డబ్బాలో కార్డులు నలభై దాకా ఉన్నాయి. కౌంటరు మీద బోర్లించి, ఒక్కొక్కటీ రీడర్లో పెట్టి వినిపిస్తూ కూర్చున్నాం. పంతొమ్మిదో కార్డుకి తాత చెయ్యెత్తాడు.